ఇద్దరి ఛానెళ్ళూ చూసేవాళ్ళు

అమ్మ పోయిన తర్వాత చాలా రోజులు నేను ఇద్దరికి వండుతూనే ఉన్నాను. చెయ్యి అలా అలవాటుపడిపోయింది. గ్లాసుతో బియ్యం కొలిచేటప్పుడు అమ్మ వంతు కూడా దానంతట అదే గిన్నెలో పడేది. మిగిలిన అన్నానికి పొద్దున్నే తాలింపు పెట్టుకుని, నేను పాఠాలు చెప్పే బడికి తీసుకుపోయేదాన్ని. తిరుపతిలో బైరాగిపట్టెడ వైపు ఒక మేడ మీద రెండు గదుల ఇల్లు నాది. కింద రెండంతస్తులూ లాడ్జి. కొండకు వచ్చేవాళ్ళు గుండుతో, తడి జుట్టుతో, లడ్డూ సంచులతో మెట్ల మీద ఎదురవుతుంటారు. ఈరోజు చూసిన ముఖం రేపు ఉండదు. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర పెద్ద కథేమీ లేదు. అది జరగలేదు, అంతే.

ఒక్క మనిషికి సరిపడా వండడం నేర్చుకోవాలని మొదలుపెట్టినప్పుడు అది ఎంత కష్టమో తెలిసింది. పప్పు మరీ కొంచెమైతే కుక్కర్లో అడుగంటుతుంది. ఒక్క వంకాయతో కూర చేస్తే నూనె ఎంత పొయ్యాలో ఎవరూ చెప్పరు. ఇలాంటివి బడిలో చెప్పుకుంటుంటే, కంప్యూటర్లు చెప్పే టీచరు, నాకంటే చాలా చిన్నది, ఇవన్నీ వీడియోలు తియ్యమంది. అలా నా ఛానెల్ మొదలైంది. ఫోను ఒక స్టీలు డబ్బాకు ఆనించి పెట్టుకునేదాన్ని. ముఖం కనిపించదు. చేతులు, చిన్న మూకుడు, నా గొంతు, కింద లాడ్జిలో ఎవరో పిల్లల్ని పిలుస్తున్న చప్పుడు.

చూసేవాళ్ళు మెల్లగా పెరిగి, ఒకచోట ఆగిపోయారు. కామెంట్లలో ఎప్పుడూ అవే పేర్లు. హాస్టల్ వదిలి గది తీసుకున్న ఆడపిల్లలు, బదిలీ మీద వేరే ఊళ్ళో ఉన్న బ్యాంకు ఉద్యోగులు, భార్య పోయిన మగవాళ్ళు. వాళ్ళలో నగరి నుంచి ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన ఫోటో ఉండాల్సిన చోట ఒక మగ్గం బొమ్మ. పవర్‌లూమ్ నడిపి, అది అమ్మేసి, ఒంటరిగా ఉంటున్నానని ఒకసారి రాశాడు. ఆదివారం వీడియో పెడితే సాయంత్రానికి ఆయన మాట వచ్చేది. "ఈ పొద్దు నువ్వు జెప్పినట్టే చారు పెట్టుకున్నా తల్లీ. ఉప్పు రొంత ఎక్కువైంది. అయినా బాగుండాది." నేను జవాబు రాసేదాన్ని. నాకు వారంలో ఎదురుచూసే మాట అదొక్కటే అయిన రోజులున్నాయి.

ఒక ఆదివారం ఆయన రాయలేదు. ఆ తర్వాత వారమూ రాయలేదు. జ్వరమేమో అనుకున్నాను. ఫోను పాడైందేమో అనుకున్నాను. పాత వీడియోలు తెరిచి ఆయన మాటలు మళ్ళీ చదివాను. తెలుసుకునే దారి లేదు. ఇంటి పేరు తెలియదు, వీధి తెలియదు, ముఖం తెలియదు. నెలలు గడిచాక, ఆయన ఇక లేడని మనసులో ఖాయం చేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పను? ఎప్పుడూ చూడని మనిషి పోయాడని బడిలో సెలవు అడగలేను కదా.

ఆ తర్వాతే నాకు ఛానెల్ గురించి భయం పట్టుకుంది. ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతే చివరికి నేను ఖాళీ గదిలో మాట్లాడుతున్నట్టవుతుంది. కొత్తవాళ్ళు రావాలి. ఎలా రావాలో కంప్యూటర్ టీచర్నే అడిగాను. ఇంకొక ఛానెల్‌తో కలిసి వీడియో చెయ్యమంది. వాళ్ళను చూసేవాళ్ళు నీ దగ్గరకు వస్తారు, నిన్ను చూసేవాళ్ళు వాళ్ళ దగ్గరకు పోతారు అని చెప్పింది.

నాకు వెంటనే చిత్తూరు తోడికోడళ్ళు గుర్తొచ్చారు. ఒకే ఇంట్లో ఉండే కోడళ్ళు, పెరట్లో పెద్ద పెద్ద గుండిగల్లో వండుతారు. ఒకరు తరుగుతుంటే ఒకరు రుబ్బుతారు, మధ్యలో ఆటపట్టించుకుంటారు. వాళ్ళను లక్షల మంది చూస్తారు. మాదీ వంటే, వాళ్ళదీ వంటే, పైగా నిన్నమొన్నటిదాకా ఒకే జిల్లా వాళ్ళం. వాళ్ళకు పంపడానికి ఒక మెసేజ్ కూడా తయారు చేసుకున్నాను. పంపే ముందు కంప్యూటర్ టీచరుకు చూపించాను.

ఆమె చదివి ఫోను బల్ల మీద పెట్టింది. "పంపొద్దు అక్కా. ముందు మనల్ని చూసేవాళ్ళలో వాళ్ళను చూసేవాళ్ళు ఎంతమంది ఉండారో చూద్దాం" అంది.

ఆదివారం మధ్యాహ్నం తిరుచానూరులో టీచరు వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఆమె భర్త పెళ్ళి వీడియోలు తీస్తాడు. ఆరోజు ఎక్కడో ముహూర్తం ఉండి వెళ్ళిపోయాడు. ముందు గది నిండా లైట్లు, వైర్లు. ఆమె వాటిని ఒక పక్కకు జరిపి చాప వేసింది. నా ఛానెల్ లెక్కలు తన లాప్‌టాప్‌లో తెరిచి, ప్రేక్షకులు అన్న పేజీలోకి వెళ్ళింది. అందులో కిందికి పోతే ఒక జాబితా కనిపించింది. నన్ను చూసేవాళ్ళు ఈ మధ్య నన్ను కాకుండా ఇంకా ఏయే ఛానెళ్ళు చూస్తున్నారో అందులో ఉంటుందట. అంతకు ముందు ఒకసారి చూసినప్పుడు, చూసేవాళ్ళు చాలినంత మంది లేరని ఆ చోటు ఖాళీగా ఉండేదట. ఇప్పుడు నిండింది.

తోడికోడళ్ళు అందులో ఎక్కడా లేరు.

జాబితాలో మొదట ఉన్నది వంట ఛానెలే కాదు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఒకామెది. నేనెప్పుడూ వినలేదు. గుడ్డ మీద వెదురు కలంతో బొమ్మ వేస్తూ, తన పాటికి తాను మాట్లాడుతుంటుందట. నన్ను చూసేవాళ్ళు నన్ను చూడనప్పుడు ఆమె దగ్గర కూర్చుంటున్నారు.

"అయితే ఈమెనే అడుగుదామా?" అన్నాను.

"ఆగక్కా. ఇది ఒక పక్కే" అంది ఆమె. ఆ మధ్యాహ్నం ఆమె నాకు, నేను బడిలో పిల్లలకు చెప్పినంత ఓపికగా చెప్పింది. ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకే జనమైతే కలిసి చేసి లాభం లేదు. కొత్తగా వచ్చేవాళ్ళే ఉండరు. అసలు ఒక్కరూ కలవకపోతే అది వేరే ఇబ్బంది. వాళ్ళు వచ్చి చూసినా నిలవరు. గుండిగల వంట చూసేవాళ్ళకు ఒక్క వంకాయ ఎందుకు? కొంతమంది ఇద్దరినీ చూస్తూ ఉండాలి. అంటే రుచి కలిసిందని అర్థం. ఇంకా చాలామంది మన పేరు కూడా విని ఉండకూడదు. అప్పుడే అడగడానికి పోవాలి. అది తెలియాలంటే మనవాళ్ళలో కలంకారీ ఆమెవాళ్ళు ఎంతమందో ఒక్కటే చూస్తే చాలదు, ఆమెవాళ్ళలో మనవాళ్ళు ఎంతమందో కూడా చూడాలి. ఈ జాబితా వరుస చెప్తుంది గానీ లెక్క చెప్పదు. ఆమె వైపు జాబితా ఆమెకే కనిపిస్తుంది, మనకు కనిపించదు.

మాకు చేతనైన దారులు వెతికాం. నా ఛానెల్లో ఒక ఓటు పెట్టాం. ఈ కలంకారీ ఛానెల్ చూస్తారా, ఎప్పుడైనా చూస్తారా, తెలియదా అని. తోడికోడళ్ళ గురించి అలాగే ఇంకొకటి. ఓటు వేసేది మనల్ని వదలకుండా చూసేవాళ్ళే కాబట్టి దాన్ని పూర్తిగా నమ్మొద్దని ఆమె ముందే చెప్పింది. వారం తిరిగేసరికి కలంకారీని చూస్తామన్నవాళ్ళు సగానికి దగ్గరగా వచ్చారు. తోడికోడళ్ళ గురించి తెలుసు గానీ చూడము అన్నవాళ్ళే ఎక్కువ. ఒకమ్మాయి కింద ఇలా రాసింది. "వాళ్ళను చూస్తే ఇల్లు గుర్తొస్తాది. అందుకే చూడను."

మిగిలింది కామెంట్లు పోల్చడం. మరుసటి ఆదివారం మళ్ళీ అదే చాప మీద కూర్చున్నాం. టీచరు ఆ కలంకారీ ఛానెల్లో ఈ మధ్య వచ్చిన వీడియోలు ఒక్కొక్కటీ తెరిచి కింద ఉన్న పేర్లు చదువుతుంటే, అందులో నాకు తెలిసినవి వస్తే నేను చెప్పాలి. ఆ ఛానెల్ నాదానికంటే ఎన్నో రెట్లు పెద్దది. పేర్లు వస్తున్నాయి, పోతున్నాయి. చాలావరకు నాకు తెలియనివే. అప్పుడప్పుడు ఒకటి తగిలేది. హోసూరులో ఉన్న నర్సమ్మ. ఊరు చెప్పని లెక్చరరు. వాళ్ళ పేర్లు అక్కడ చూస్తుంటే, నాకు తెలిసినవాళ్ళను పరాయి ఇంటి పెళ్ళిలో చూసినట్టుంది.

ఆమె ఇంకొక పేరు చదివింది. మళ్ళీ చదవమన్నాను. పక్కన మగ్గం బొమ్మ ఉందా అని అడిగాను.

ఉంది. ముందు రోజు రాసిన మాట అది. నెమలి ఈకలకు నీలం బాగా కుదిరిందని రాశాడు.

ఆయన బతికే ఉన్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె కంగారుపడి ఏమైందని అడిగితే అప్పుడు చెప్పాను, నగరి పెద్దాయన సంగతంతా. ఆమె పాత వీడియోలు వెనక్కు తిప్పుకుంటూ పోయింది. ఆయన అక్కడ వారం వారం రాస్తున్నాడు. నా దగ్గర రాయడం మానేసిన ఆ వారాల్లో కూడా అక్కడ రాశాడు. నేను ఆయన పోయాడనుకున్న రోజుల్లో ఆయన ఇక్కడ ఒక రామాయణం గుడ్డ చూసి మెచ్చుకుంటున్నాడు.

సంతోషం వెనకాలే ఇంకొకటి వచ్చి కూర్చుంది. ఆయన చనిపోలేదు. నన్ను చూడడం మానేశాడు.

కొంచెం వెనక్కు పోతే కారణం కూడా దొరికింది. కలంకారీ ఆమె మధ్యాహ్నం ఏం తిన్నారని ఏదో వీడియోలో అందరినీ అడిగినట్టుంది. ఆయన జవాబు ఇది. "మా సెల్లెలు పుత్తూరికి పిలుచుకొచ్చింది తల్లీ. ఇప్పుడు ఆమె వండితే తింటా ఉండాను. నేను పొయ్యి కాడికి పోయే పని లేదు."

కంప్యూటర్ టీచరు నా వైపు చూడకుండా అంది, "అక్కా, నిన్ను వదిలిపోయేవాళ్ళు అలిగి పోవడంల్యా. వాళ్ళకు తోడు దొరికితే పోతా ఉండారు."

ఆ మాట నేను ఇంటికి తీసుకొచ్చుకున్నాను. బస్సులో అదే, మెట్లెక్కుతుంటే అదే. ఆయనకు జవాబు రాద్దామని ఆ కామెంటు కింద నా పేరుతో టైపు చేశాను. బాగున్నారా అని. అది ఇంకొకరి ఇల్లు. నేను మిమ్మల్ని చూశాను, మీరు నన్ను వదిలేశారు అన్నట్టుంటుందేమోనని చెరిపేశాను. చివరికి మెచ్చుకున్నట్టు బొటనవేలి గుర్తు నొక్కాను. అది ఎవరు నొక్కారో ఆయనకు కనిపించదు.

లెక్క మాత్రం తేలింది. నావాళ్ళలో చాలామంది ఆమెను చూస్తారు. ఆమెవాళ్ళలో నేను తెలిసినవాళ్ళు చాలా కొద్దిమంది. రుచి కలిసింది, కొత్తవాళ్ళు బోలెడు మంది ఉన్నారు. నా వైపు నుంచి చూస్తే ఈమెను తప్పకుండా అడగాలి. కానీ అదే లెక్కను ఆమె వైపు తిప్పి చూస్తే, నేను ఆమెకు తెచ్చేదేముంది? నా జనంలో సగం ముందే ఆమె దగ్గర ఉన్నారు. మిగతా సగం ఆమె జనంలో ఒక మూలకు కూడా రారు. ఆ సంగతి దాచి అడగడం నాకు నచ్చలేదు. కాబట్టి అంతా ఉన్నదున్నట్టు రాశాను. మీవల్ల నాకు లాభం, నావల్ల మీకు పెద్దగా లాభం లేదు, అయినా ఒప్పుకుంటే ఒక రోజు వస్తాను అని.

ఆమె రాతతో కాదు, గొంతుతో జవాబు పంపింది. వయసైన గొంతు. "రామ్మా. మధ్యానం పూట ఒక్కదాన్నే కూసోని తింటాను. నువ్వొస్తే ఇద్దరం తిందాం. లాభం సంగతి తర్వాత సూసుకుందాం."

చలికాలంలో ఒక సెలవు రోజు శ్రీకాళహస్తి బస్సెక్కాను. స్వర్ణముఖి వైపు పోయే సందులో ఆమె ఇల్లు. ముందు గదంతా పనే. కరక్కాయ నీళ్ళలో, పాలలో నానబెట్టి ఆరేసిన గుడ్డల వాసన, బెల్లమూ ఇనుప ముక్కలూ ఊరేసిన కుండలో నల్ల రంగు. నేలమీద పరిచిన గుడ్డ మీద ఆమె వంగి కూర్చునుంది. కలం చుట్టూ చుట్టిన దారాన్ని వేళ్ళతో నొక్కితే రంగు దిగుతుంది. గీత పూర్తయ్యేదాకా తల ఎత్తలేదు.

నా మెసేజ్ చదివాక తన లెక్కలు తానూ చూసుకున్నానంది. ఆమె మేనకోడలు నేర్పిందట. కళ్ళద్దాలు పెట్టుకుని ఫోను తెరిచి, తన జాబితా నాకు చూపించింది. పైనుంచి కిందిదాకా చదివాను. తోటపని ఛానెల్ ఉంది, గుడుల ఛానెల్ ఉంది, పాత పాటలవి ఉన్నాయి. నేను లేను.

"నువ్వు నా దాంట్లో యాడా లేవు సూడు" అంది. అందులో ఎగతాళి లేదు. ఉన్న సంగతి చెప్పింది.

అలాగే ఉంటుందని నాకు ముందే తెలుసు. పెద్ద ఛానెల్ జాబితాలో చిన్నవాళ్ళం కనిపించం. అయినా ఆ పేర్ల మధ్య ఒకసారి నన్ను నేను వెతుక్కున్నాను. నాకు ఆమె మొదటి పేరు. ఆమెకు నేను పేరే కాదు.

నగరి పెద్దాయన గురించి అడిగాను. తెలుసంది. గుడ్డ నేత గురించి అడుగుతాడట, నూలు మందమా పలచనా అని. ఇంతకంటే ఆమెకూ ఏమీ తెలియదు. ఆయన నా దగ్గర చారు గురించి రాసేవాడని చెబితే నవ్వింది. "అందరూ అన్ని సోట్లా అన్నీ మాట్లాడరు కదమ్మా" అంది.

నేను అనపకాయలు తీసుకెళ్ళాను. ముందురోజే ఒలిచి, గింజలు రాత్రంతా నానబెట్టి తెచ్చాను. పితికిపప్పు చేద్దామని. ఆ కూర నా ఛానెల్లో ఎప్పుడూ చెయ్యలేదు. గింజ గింజనూ వేళ్ళతో పితికి పొట్టు తియ్యాలి. ఒక్క మనిషి కూర్చుని తీస్తే తినబుద్ధి పోతుంది. ఆమె చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. వేళ్ళ సందుల్లో నలుపు కడిగినా పోలేదు. ఇద్దరం పితుకుతూ మాట్లాడుకున్నాం. ఫోను తన పాటికి తీసుకుంటోంది. ఆమె భర్త సంగతి, రంగులు అరువిచ్చి మోసపోయిన సంగతి, అన్నీ చెప్పింది. నేను అమ్మ గురించి చెప్పాను. ఆ గింజలు అయిపోకుండా ఉంటే బాగుండుననిపించింది. ఆమె ఛానెల్‌కు ఒక వీడియో, నా ఛానెల్‌కు ఒకటి అనుకున్నాం. ఆమెదాంట్లో ఆమె బొమ్మ వేస్తుంటే నేను వెనకాల వండుతుంటాను. నాదాంట్లో పితికిపప్పు.

రెండూ పెట్టాక కంప్యూటర్ టీచరు రోజూ లెక్కలు చూసింది. చూసిన మొత్తం కాదు, కొత్తగా వచ్చినవాళ్ళు ఎంతమంది, మళ్ళీ తిరిగొచ్చినవాళ్ళు ఎంతమంది అని వేరు వేరుగా చూసింది. మొదట చాలామంది వచ్చారు. తర్వాతి వీడియోకు అందులో చాలామంది రాలేదు. అయినా కొందరు నిలిచారు. నా ఛానెల్ ఆగిపోయిన చోటు దాటింది. కలవనివాళ్ళ దగ్గరికి పోయుంటే వీళ్ళు కూడా నిలిచేవాళ్ళు కాదంది. పెద్దాయన కలంకారీ ఆమె వీడియో కింద రాశాడు. ఎనక వంట జేసే ఆమె గొంతు ఎప్పుడో విన్నట్టుండాదని. అంతకంటే గుర్తుపట్టలేదు. నేను చెప్పలేదు.

సంక్రాంతి సెలవులు అయిపోయాక ఆమెతో ఇంకొక వీడియో చేద్దామని అన్నాను. కంప్యూటర్ టీచరు మళ్ళీ ఓటు పెట్టించింది, మళ్ళీ పేర్లు పోల్చింది. ఈసారి నావాళ్ళలో దాదాపు అందరూ ఆమెను చూస్తున్నారు. ఆమెవాళ్ళలో నన్ను ఇష్టపడేవాళ్ళు ముందే వచ్చేశారు, మిగిలినవాళ్ళు చూసి వద్దనుకున్నారు.

"ఇంక ఆమె దగ్గరికి పోయి లాభంల్యా అక్కా. కొత్తోళ్ళు రారు. వేరే ఎవరినన్నా సూద్దాం" అంది.

ఆమె చెప్పింది నిజమే. వేరే ఛానెళ్ళ పేర్లు కూడా చూపించింది. నేను తలూపాను. శ్రీకాళహస్తి పోవడానికి నాకున్న ఒకే ఒక్క సాకు అలా అయిపోయింది. కలంకారీ ఆమె నుంచి ఫోను రాలేదు. నేనూ చెయ్యలేదు. పెద్ద ఆర్డరు వచ్చి ఊపిరాడని పనిలో ఉందని ఆమె వీడియోల్లోనే తెలిసేది. అందరిలాగా నేనూ కింద ఒక మాట రాసేదాన్ని. అందరికీ పెట్టినట్టే నాకూ ఒక ఎర్ర గుండె గుర్తు పెట్టేది.

ఎండలు ముదిరాక, పరీక్షలు అయిపోయిన ఒక పొద్దున, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను. ఇంటికి తాళం. గుడ్డలు ఉతకడానికి పోయిందని పక్కింటామె చెప్పింది. నదిలో నీళ్ళు లేవు, ఇసుకే. గట్టున ఒక తోటలో బోరు తొట్టి దగ్గర ఆమె కనిపించింది. చీర ఎగదోపుకుని నీళ్ళలో నిలబడి ఉంది. సాయం వచ్చే మనిషి ఆరోజు రాలేదట. నన్ను చూసి నా చేతుల వైపు చూసింది.

"వీడియోకా?" అని అడిగింది.

కాదన్నాను.

ఆమె తడి గుడ్డ ఒక కొస నా చేతికిచ్చింది. చెప్పులు విడిచి తొట్టిలోకి దిగాను. ఆమె అటు కొస పట్టుకుని వెనక్కు వెనక్కు నడిచి తొట్టి అవతలి గోడ దాకా పోయింది. ఎట్లా జాడించాలో అక్కడి నుంచే చేత్తో చూపించింది. గుడ్డ పొడుగునా ఎక్కువైన రంగు నీళ్ళలోకి దిగుతోంది. బోరు చప్పుడులో ఆమె ఏదో అంది. నాకు వినిపించలేదు. మళ్ళీ అడగకుండా గుడ్డను గట్టిగా పట్టుకున్నాను.